బొమ్మల ఊరికి సొంత చిరునామా: గ్రామసభను ఒప్పించే ప్రసంగం ఎలా ఉండాలి?

పంచాయతీ సమావేశంలో ఎవరైనా లేచి "మన ఊరికి వెబ్‌సైటు పెడదాం, డబ్బు మంజూరు చేయండి" అంటే సభ్యుల మనసులో మెదిలేది దాదాపు ఒకటే. ఎవరో కుర్రాడు వస్తాడు, ముప్పై వేలు తీసుకుంటాడు, నాలుగు ఫొటోలు, సర్పంచ్ గారి బొమ్మ పెట్టి వెళ్లిపోతాడు. ఏడాది తిరిగేసరికి అది తెరుచుకోదు. ఈ అనుమానం అకారణంగా పుట్టింది కాదు. అలా పుట్టి అలాగే పోయిన వెబ్‌సైట్లు చాలా ఊళ్లకు ఉన్నాయి. అందుకే డబ్బు అడగడానికి లేచిన మనిషి ఇంటర్నెట్ గొప్పతనం చెప్పక్కర్లేదు. రెండో ఏడాది, మూడో ఏడాది దాన్ని ఎవరు చూసుకుంటారో చెప్పాలి. నా దృష్టిలో ప్రసంగానికి ప్రాణం అదే.

మాట గాలిలో తేలకుండా ఒక ఊరిని ముందు పెట్టుకుందాం. అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరం మండలంలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. లక్క బొమ్మల ఊరు. అక్కడి ఒక కళాకారుల కుటుంబంలో డిగ్రీ చదివిన అమ్మాయి గ్రామసభలో మాట్లాడబోతోందని అనుకుందాం. అమ్మాయి, ఆమె ప్రసంగం, ఖర్చుల లెక్క ఉదాహరణ కోసం నేను కల్పించినవి. ఊరు, బొమ్మ, చట్టాలు నిజమైనవి.

ఆమె మొదట చేయాల్సిన పని మాట్లాడటం కాదు, చూపించడం. సభలో అందరికన్నా పెద్దాయన చేతికి తన ఫోను ఇచ్చి, "తాతా, ఏటికొప్పాక బొమ్మలు అని ఇందులో చెప్పు, ఏమొస్తుందో చదువుదాం" అనాలి. పెద్ద పెద్ద అమ్మకపు కంపెనీల పేజీలు వస్తాయి, నగరాల్లోని దుకాణాలు వస్తాయి, ఎప్పుడో రాసిన పత్రికా వ్యాసాలు వస్తాయి. బొమ్మ చేసే మనిషి ఇంటికి దారి, ఫోను నంబరు దొరుకుతాయేమో అక్కడే అందరి ఎదుటా వెతకాలి. దొరక్కపోతే ఆమె సగం ప్రసంగం అయిపోయినట్టే. దొరికితే అది ఎవరి నంబరు, ఆ ఫోను ఎవరు ఎత్తుతున్నారు అన్నది తరువాతి ప్రశ్న.

అప్పుడు ఆమె ఇలా మొదలుపెట్టవచ్చు:

"సర్పంచ్ గారికి, వార్డు సభ్యులకు, పెద్దలందరికీ నమస్కారం. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో మన బొమ్మల గురించి మాట్లాడారు. 2023లో మన సి.వి.రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద మన బొమ్మలే నడిచాయి. మూడుసార్లూ దేశం మన ఊరి పేరు విన్నది. విన్నవాళ్లలో కొందరైనా కొనాలనుకుని ఫోనులో వెతికి ఉంటారు. వాళ్లకు ఎవరు కనపడ్డారో ఇప్పుడే తాత చదివి చెప్పాడు. నాలుగోసారి పేరు వినపడేలోపు మన చిరునామా మన చేతిలో ఉండాలని అడగడానికి లేచాను."

ఇక్కడ ఆమె బొమ్మ గురించి కూడా కొంచెం చెప్పాలి. ఊరివాళ్లకు తెలియక కాదు. కొనేవాడికి తెలియనిది ఏమిటో సభ్యులకు గుర్తుచేయడానికి. అంకుడు కర్రను ముక్కలుగా కోసి బాగా ఆరబెడతారు. పచ్చి చెక్కతో చేస్తే తరవాత ఎండి పగులుతుంది. ఆరిన ముక్కను లేత్ మిషనుకు బిగించి తిప్పుతూ ఉలితో ఆకారం తీస్తారు. ఆ తిరిగే బొమ్మకే రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. చివర మొగలి ఆకుతో రుద్దితే మెరుపు తేలుతుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయ లాంటివాటితో రంగులు తీసే పద్ధతిని రాజు గారు, ఆయనతో పనిచేసిన కళాకారులు మళ్లీ నిలబెట్టారు. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు ఏ రంగు వేశారన్నది చిన్న విషయం కాదు. కర్ణాటకలోని చెన్నపట్న బొమ్మలు కూడా ఇదే జాతి చెక్కతో, ఇలాగే లక్కతో చేసేవే. కొండపల్లి బొమ్మ మాత్రం తెల్లపొణికి చెక్కతో చెక్కి అతికి రంగు వేసేది. నగరంలో దుకాణానికి వెళ్లినవాడికి ఈ తేడా చెప్పే మనిషి దొరకడు. బొమ్మ పక్కన ఈ పది వాక్యాలు, లేత్ మీద లక్క కరుగుతున్న అర నిమిషం వీడియో ఉంటే కొనేవాడికి తను ఏం కొంటున్నాడో తెలుస్తుంది.

తరవాత వచ్చే మొదటి అడ్డు పంచాయతీ కార్యదర్శి నుంచి. "ఇది పంచాయతీ చేసే పనేనా? రేపు ఆడిట్‌లో అడిగితే ఏం చెప్పాలి?" అని ఆయన అడుగుతారు, అడగాలి కూడా. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలు ఉన్నాయి. అందులో పర్యాటకం లేదు. చాలామంది వక్తలు ఇక్కడే జారిపడతారు. పర్యాటకం, పర్యాటకం అని అరగంట మాట్లాడి, కార్యదర్శి ఒక్క ప్రశ్న వేయగానే కూర్చుంటారు. ఆ జాబితాలో 9వ అంశం ఖాదీ, గ్రామీణ, కుటీర పరిశ్రమలు. 21వ అంశం సాంస్కృతిక కార్యక్రమాలు. 22వ అంశం సంతలు, జాతరలు. అడిగే పనిని "కుటీర పరిశ్రమకు మార్కెట్ సౌకర్యం" అని రాయిస్తే దానికి ఆధారం ఉంటుంది. ఊరు చూడటానికి వచ్చేవాళ్లు దాని వెంట వచ్చే లాభం.

డబ్బు ఏ ఖాతాలోంచి అన్నది కూడా ఆమె ముందే తెలుసుకుని రావాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో పెద్ద భాగాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేసింది. మిగిలిన భాగాన్ని ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకోవచ్చు గానీ జీతాలకు వాడకూడదని షరతు పెట్టింది. కాబట్టి అలాంటి గ్రాంటు నుంచి వెబ్‌సైటు చూసుకునే మనిషికి నెల నెలా డబ్బు ఇవ్వమని అడిగితే కుదరదు. ఇంటి పన్ను లాంటి సొంత ఆదాయం నుంచి అడగడం ఒక దారి. మనిషి ఖర్చును కళాకారుల సంఘం భరించడం ఇంకో దారి. ఏ దారైనా ఆ పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేరి ఉండాలి. ప్రణాళికలో లేని పనికి బిల్లు పెట్టడం కష్టం.

ఇక లెక్క. ముప్పై కుటుంబాల బొమ్మలు చూపించే ఇరవై పేజీల చిన్న వెబ్‌సైటు అనుకుందాం. ధరలు చోటును బట్టి, మనిషిని బట్టి మారతాయి. ఆమె మాత్రం ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్లు తెచ్చి అంకెలు చెప్పాలి.

"తయారు చేయడానికి 30,000. మంచి ఫొటోలు, చిన్న వీడియోలు తీయడానికి 12,000. ఇవి ఒక్కసారే. వెబ్‌సైటు పేరుకు ఏడాదికి వెయ్యి, దాన్ని ఉంచే చోటుకు అద్దె ఏడాదికి మూడు వేలు. మూడేళ్లకు కలిపి 12,000. వచ్చే ఫోన్లు ఎత్తడానికి, బొమ్మల వివరాలు, ధరలు ఎప్పటికప్పుడు మార్చడానికి ఒక మనిషికి నెలకు 1,500. ఆ ఫోనుకు రీఛార్జి నెలకు 300. ఈ రెండూ మూడేళ్లకు 64,800. మొత్తం 1,18,800 రూపాయలు. ఇందులో పంచాయతీని నేను అడిగేది 54,000. మిగతా 64,800 ముప్పై కుటుంబాలవాళ్లం వేసుకుంటాం. నెలకు ఇంటికి అరవై రూపాయలు పడుతుంది."

ఈ లెక్కలో సభ్యులు గమనించాల్సింది ఒకటుంది. తయారీ ఖర్చు మొత్తంలో పావు వంతే. మామూలుగా గ్రామసభల ముందుకు వచ్చేది ఆ పావు వంతు ఒక్కటే. మిగిలిన ముప్పావు గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే రెండో ఏడాది అది ఆగిపోతుంది. తన వాళ్ల వాటా ముందుగా చెప్పి, తరవాత పంచాయతీ వాటా అడిగే వక్తకు ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టం. దళారికి ఇచ్చే బదులు నేరుగా అమ్మినందుకు ఒక బొమ్మ మీద అరవై రూపాయలు ఎక్కువ మిగిలితే, నెలకు ఒక్క బొమ్మతో ఆ కుటుంబం వాటా తీరుతుంది. పంచాయతీ వాటా కూడా కలుపుకున్నా ఇంటికి నెలకు రెండు బొమ్మలు దాటదు. పంచాయతీకి దీనివల్ల పెద్ద ఆదాయం వస్తుందని మాత్రం ఆమె చెప్పకూడదు. రాదు. వస్తుందని చెప్పి రాకపోతే ఆ తరవాత ఆమె ఏ మాట చెప్పినా ఎవరూ నమ్మరు.

దళారి మాట ఎత్తినప్పుడు జాగ్రత్త అవసరం. సభలో కూర్చున్న సభ్యుల్లో ఒకరు బొమ్మల వ్యాపారి కావచ్చు, ఆయన తమ్ముడో బావమరిదో కావచ్చు. పైగా ఆ వ్యాపారి ఒకేసారి అయిదు వందల బొమ్మలు తీసుకుంటాడు, కర్ర కొనడానికి అడ్వాన్సు ఇస్తాడు, వర్షాకాలంలో పని లేనప్పుడు చేబదులు ఇస్తాడు. వెబ్‌సైటు ఆ పని చేయలేదు. ఆమె ఆ సంగతి అందరి ముందూ ఒప్పుకోవాలి. "మావయ్యా, మీరు కొనే టోకు సరుకు మీరు కొంటూనే ఉండండి. ఒకటి, రెండు, పది కావాలని అడిగే ఇంటివాళ్లు, బడులవాళ్లు, పెళ్లికి కానుకలు కావాలనేవాళ్లు మీ దగ్గరకు ఎలాగూ రారు. వాళ్లను పట్టుకుందామంటున్నాను" అంటే ఆయన అడ్డుపడే అవసరం తగ్గుతుంది. వ్యాపారిని శత్రువుగా నిలబెట్టిన ప్రసంగానికి చప్పట్లు వస్తాయి గానీ డబ్బు రాదు.

ఇంకొకరు అడుగుతారు: "ఫేస్‌బుక్ ఉంది, వాట్సాప్ ఉంది, అవి ఉత్తినే వస్తాయి కదమ్మా?" సరైన ప్రశ్నే. ఉత్తినే దొరికేవి ముందు చేసుకోవాలి. గూగుల్ మ్యాప్‌లో కళాకారుల సంఘం భవనాన్ని గుర్తు పెట్టించడానికి పైసా ఖర్చు లేదు, ఆ పని డబ్బు మంజూరయ్యే దాకా ఆగక్కర్లేదు. ఫేస్‌బుక్ పేజీ కూడా ఉండవచ్చు. కానీ అందులో ఈ రోజు పెట్టిన బొమ్మ వారానికి అడుగున పడుతుంది. ఆర్నెల్ల తరవాత బెంగళూరు నుంచి వెతికేవాళ్లకు అది దొరకడం కష్టం. వాట్సాప్ మన నంబరు ఇప్పటికే తెలిసినవాళ్లకే పనికొస్తుంది. మారని చిరునామా ఒకటి ఉంటే బొమ్మ డబ్బా మీద అచ్చు వేయవచ్చు, అడ్డరోడ్డు కూడలిలో బోర్డు మీద రాయవచ్చు.

ఆ చిరునామా ఎవరి పేరున ఉండాలన్నది డబ్బు కన్నా ముఖ్యమైన విషయం. చాలా ఊళ్ల వెబ్‌సైట్లు చచ్చిపోయింది ఇక్కడే. వెబ్‌సైటు పేరును తయారుచేసిన కుర్రాడు తన సొంత మెయిలుతో, తన ఫోను నంబరుతో తీసుకుంటాడు. తరవాత ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోతాడు. ఏడాది గడిచాక రెన్యువల్ చేయమని హెచ్చరికలు అతని మెయిలుకే వస్తాయి, అతను చూడడు. గడువు దాటాక కొన్ని వారాలు పాత ధరకే తీసుకునే వీలు సాధారణంగా ఉంటుంది. అదీ దాటితే ఎక్కువ డబ్బు కట్టాలి. ఆ తరవాత ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. ఊరి పేరు ఉన్న చిరునామా తెరిస్తే పేకాట ప్రకటనలు కనపడటం ఇలాగే జరుగుతుంది. డబ్బాల మీద అచ్చు వేసిన చిరునామా అదైతే ఊరి పరువు సంగతి చెప్పనక్కర్లేదు.

దీనికి మందు తేలికే. సంఘం పేరున ఒక మెయిలు తెరవాలి. సంఘం కార్యాలయంలోనే ఉండే ఒక ఫోను నంబరు దానికి జోడించాలి. వెబ్‌సైటు పేరు సంఘం పేరున, మూడేళ్లకు ఒకేసారి డబ్బు కట్టి తీసుకోవాలి. పాస్‌వర్డులు కాగితం మీద రాసి కవరులో సీలు వేసి, ఒకటి కార్యదర్శి దగ్గర, ఒకటి సంఘం అధ్యక్షుడి దగ్గర ఉంచాలి. రెన్యువల్ తేదీ పంచాయతీ రిజిస్టరులో రాయాలి. తయారుచేసినవాడికి ఆఖరి వాయిదా డబ్బు ఈ కవరు చేతికి వచ్చాకే ఇవ్వాలి. ప్రసంగంలో ఈ నాలుగు మాటలు చెప్పగానే అంతవరకూ మౌనంగా ఉన్న అనుభవజ్ఞులైన సభ్యులు తల ఊపుతారని నా నమ్మకం.

ఇప్పుడు అసలు చిక్కు. వెబ్‌సైటు అనగానే అందరూ అనుకునేది అక్కడే బొమ్మ ఎంచుకుని, అక్కడే డబ్బు కట్టి, ఇంటికి తెప్పించుకోవడం. మొదటి ఏడాది ఆ పని పెట్టుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. ముప్పై కుటుంబాల సరుకుకు సంఘం తన వెబ్‌సైటులో డబ్బు వసూలు చేసి తరవాత ఎవరిది వాళ్లకు పంచితే, జీఎస్టీ చట్టం దృష్టిలో సంఘమే ఈ-కామర్స్ ఆపరేటర్ అవుతుంది. అప్పుడు అమ్మకం ఎంత తక్కువైనా సంఘం రిజిస్టరు కావాలి, అమ్మకాల మీద పన్ను మినహాయించి కట్టాలి, నెల నెలా రిటర్నులు వేయాలి. బొమ్మలు చేసుకునేవాళ్లకు ఇది మోయలేని బరువు. బొమ్మ ఫొటో, ధర, చేసినవాళ్ల పేరు, సంఘం ఫోను నంబరు మాత్రమే పెట్టి, మాట కుదిరాక కొనేవాళ్లు నేరుగా కళాకారుడి యూపీఐకి డబ్బు పంపే పద్ధతి అయితే ఈ గొడవ ఉండదు. హస్తకళా వస్తువులు చేసి అమ్మేవాళ్లకు, రాష్ట్రం దాటి అమ్మినా ఏడాది అమ్మకం 20 లక్షల లోపు ఉంటే కొన్ని షరతులతో రిజిస్ట్రేషను నుంచి మినహాయింపు కూడా ఉంది. తమ వస్తువు ఆ జాబితాలో ఉందో లేదో ఆడిటరును ఒకసారి అడిగి, ఆయన రాసి ఇచ్చిన కాగితం సభలో చూపిస్తే మంచిది.

బొమ్మలకు ఇంకో నిబంధన ఉంది, అది తెలియకుండా వెబ్‌సైటు పెడితే ఇబ్బంది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ మార్కు ఉండాలి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనరు దగ్గర నమోదైన కళాకారులు తామే చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలను ఆ గుర్తింపుకు అధీకృత వినియోగదారులుగా నమోదైనవాళ్లు చేసి అమ్మినా మినహాయింపే. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే గుర్తింపు ఊరికి వచ్చినంత మాత్రాన ప్రతి ఇంటికీ వచ్చినట్టు కాదు. ఒక్కొక్కరూ విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ఫీజును 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. వెబ్‌సైటులో పేరు ఎక్కాలంటే కళాకారుల గుర్తింపు కార్డయినా, ఈ నమోదు పత్రమైనా ఉండాలని ఆమె ముందే షరతు చెప్పాలి. దీనితో బయటి నుంచి తెచ్చిన బొమ్మను ఏటికొప్పాక బొమ్మగా పెట్టే ఆశ ఎవరికీ ఉండదు.

సభలో వృద్ధ కళాకారుడు ఒకరు వేయబోయే ప్రశ్న అన్నిటికన్నా బరువైనది. "ఆర్డర్లు వస్తాయి సరేనమ్మా, కర్ర ఎక్కడిది?" అంకుడు చెట్టు నాటగానే చేతికి రాదు. చుట్టుపక్కల కొండల్లో కర్ర తగ్గుతోందన్నది అక్కడివాళ్ల పాత బాధ. వెబ్‌సైటు చెట్టును పెంచలేదు. ఆ మాట దాచకుండా ఆమె ఇలా చెప్పవచ్చు:

"నిజమే బాబాయి గారూ. అందుకే మన పేజీలో 'వెంటనే పంపుతాం' అని ఎక్కడా రాయం. ఆర్డరు ఇచ్చాక ఇరవై అయిదు రోజులు పడుతుందని రాస్తాం. నెలకు ఇన్ని బొమ్మలే తీసుకుంటామని రాస్తాం. కర్ర తక్కువ పట్టే చిన్న వస్తువులు ముందు పెడతాం, బొంగరాలు, గిలక్కాయలు, కుంకుమ భరిణెలు. పెద్ద దీపపు స్తంభాలు అడిగితే చేస్తాం అంటాం. ఉన్న కర్రకే ఎక్కువ కూలి గిట్టడం మనకు కావాలి."

ఆలస్యం ముందే చెప్పినవాడిని కొనేవాడు అర్థం చేసుకుంటాడు. వారంలో పంపుతామని చెప్పి నెల చేసినవాడి మీద రాసే చెడ్డ మాటలు ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. పంపే తీరులోనూ మెలకువ కావాలి. లక్క వేడికి మెత్తబడుతుంది. ఎండాకాలంలో బొమ్మలను ప్లాస్టిక్‌లో బిగించి చుట్టి పంపితే ఆ కవరు లక్కకు అంటుకునే ప్రమాదం ఉంది. ఒక్కోదాన్ని విడిగా కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టాలి. తపాలా కార్యాలయంలో బరువు తూయించి, ఆ ఖర్చు కొనేవాళ్లకు ముందే చెప్పాలి.

ఎవరి బొమ్మ ముందు కనపడాలన్నది కూడా చిన్నది కాదు. వెబ్‌సైటులో మొదటి చోటు కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేయగలరు. వరస నెల నెలా మారాలి. ఫలానా బొమ్మ అని కాకుండా మామూలుగా వచ్చే ఆర్డర్లు వంతుల ప్రకారం ఇళ్లకు వెళ్లాలి. ఏ ఫోను ఎప్పుడు వచ్చింది, ఎక్కడి నుంచి, ఏం అడిగారు, ఎవరికి పంపాం, కొన్నారా లేదా అన్నది ఒక పుస్తకంలో రాయాలి, అడిగిన ఎవరికైనా చూపించాలి. ఈ పుస్తకమే ఏడాది చివర గ్రామసభకు ఇచ్చే లెక్క కూడా.

ఊరు చూడటానికి వచ్చేవాళ్ల సంగతికి వస్తే, ఇక్కడ తక్కువ చెప్పడమే నయం. ఏటికొప్పాక చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారికి దగ్గరే. విశాఖ నుంచి అన్నవరం సత్యనారాయణ స్వామి దగ్గరకు కార్లలో వెళ్లేవాళ్లు ఆ దారినే పోతారు. గురజాడ అప్పారావు 1862లో పుట్టింది ఇదే మండలంలోని ఎస్.రాయవరంలో. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ బౌద్ధ గుహలు ఉన్నాయి. ఇవన్నీ కలిపితే విశాఖ నుంచి వచ్చిన కుటుంబానికి ఒక రోజు నిండుతుంది. కానీ వచ్చినవాళ్లకు ముందు కావాల్సింది శుభ్రమైన మరుగుదొడ్డి, కారు ఆపుకునే చోటు, ఏ రోజు ఏ వేళ వస్తే లేత్ మీద పని కనపడుతుందన్న కబురు. కరెంటు పోయినప్పుడు, పండగ రోజు, కర్ర లేనప్పుడు వచ్చి మూసిన తలుపులు చూసి వెళ్లినవాడు పదిమందికి రావద్దని చెబుతాడు. అందుకే మొదటి ఏడాది వారంలో రెండు రోజులు, పొద్దున పది నుంచి పన్నెండు వరకు, ముందు ఫోను చేసి వస్తేనే చూపిస్తామని పెట్టడం మంచిది. మరుగుదొడ్డి లేకుండా ఆ పేజీ తెరవనే వద్దు. బస, భోజనం లాంటివి తరవాత చూసుకోవచ్చు.

ప్రసంగం చివర ఆమె తన మీద తానే ఒక షరతు పెట్టుకోవాలి. "మూడు నెలలకోసారి పుస్తకం తెచ్చి మీ ముందు పెడతాను. ఏడాది అయ్యాక వచ్చిన ఫోన్లు, అమ్మిన బొమ్మలు చూసి, ఇది దండగ అని సభ అనుకుంటే రెండో ఏడాది డబ్బు ఆపేయండి. పేరు మాత్రం సంఘం దగ్గరే ఉంటుంది, అది ఎక్కడికీ పోదు." డబ్బు ఆపే అధికారం తమ చేతిలో ఉందని తెలిసినప్పుడే సభ్యులు డబ్బు ఇవ్వడానికి సాహసిస్తారు.

ఇంత మాట్లాడి తీర్మానం రాయడం మరొకరికి వదిలేస్తే సగం పోతుంది. మినిట్స్ పుస్తకంలో "వెబ్‌సైటు ఏర్పాటుకు సభ ఆమోదించింది" అని ఒక్క ముక్క పడుతుంది. ఏ ఖాతా, ఎవరి పేరు, ఎన్నేళ్లు అన్నవి ఉండవు. అందుకే ఆమె తీర్మానం నకలు ముందే రాసుకుని కార్యదర్శికి చూపించి రావాలి. అది ఇలా ఉండవచ్చు:

"గ్రామంలోని లక్క బొమ్మల కుటీర పరిశ్రమకు మార్కెట్ సౌకర్యం కల్పించుటకు వెబ్‌సైటు ఏర్పాటు చేసి మూడు సంవత్సరములు నిర్వహించుటకు, పంచాయతీ సొంత ఆదాయం నుండి రూ.54,000 మించకుండా ఖర్చు చేయుటకు సభ ఆమోదించినది. వెబ్‌సైటు పేరు, మెయిలు, పాస్‌వర్డులు కళాకారుల సంఘం పేరున ఉండవలెను. తయారీదారునకు తుది చెల్లింపు వాటిని అప్పగించిన పిదపనే చేయవలెను. నిర్వాహకుని భత్యము సంఘము భరించవలెను. మూడు నెలలకొకసారి నివేదిక సభ ముందుంచవలెను. మొదటి సంవత్సరము ముగిసిన పిదప కొనసాగింపుపై సభ నిర్ణయము తీసుకొనవలెను."

ఇందులో ప్రతి వాక్యం పైన మాట్లాడుకున్న ఒక్కో అనుమానానికి జవాబు. చదివి వినిపించాక చేతులు ఎత్తమని అడగడమే మిగిలింది.

ఏటికొప్పాకకే కాదు, తోలుబొమ్మల నిమ్మలకుంటకు, నకాశీ చిత్రాల చేర్యాలకు, కుండలో బుట్టలో చేసే ఏ ఊరికైనా అంకెలు మార్చుకుని ఈ ప్రసంగం వాడుకోవచ్చు. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం గ్రామసభలు సాధారణంగా ఏటా అక్టోబరు 2 నుంచి మొదలవుతాయి. మీ ఊరిలో ఈ మాట ఎత్తాలనుకుంటే సెప్టెంబరులోనే కొటేషన్లు తెచ్చుకోండి, ఆడిటరును కలవండి, కళాకారుల కార్డులు ఎంతమందికి ఉన్నాయో లెక్క తీయండి, తీర్మానం నకలు కార్యదర్శికి ఇవ్వండి.